ఆన్‌లైన్‌లో తొలి కళ్లజోడు: చీటీ చదవడం, పీడీ కొలవడం, ఫ్రేము అంకెలు సరిచూడటం

శ్రీకాకుళం రిమ్స్ కంటి ఓపీలోనో, విజయనగరం కోట జంక్షన్ వైపు ఏదో కంటి ఆసుపత్రిలోనో చూపించుకున్నారు. పవర్ రాసిన చీటీ చేతికొచ్చింది. ఫోన్లో ఒక ఫ్రేము నచ్చింది, ధర కూడా బాగుంది. ఆర్డరు పెట్టబోతే ఫారంలో SPH, CYL, AXIS, PD అని గళ్లు కనిపిస్తాయి. మొదటి మూడూ చీటీలో ఉంటాయి. నాలుగోది చాలా చీటీల్లో ఉండదు. ఆన్‌లైన్ కళ్లజోడు పెట్టుకోగానే తల దిమ్మెక్కింది అనేవాళ్లలో చాలామంది ఆ నాలుగో గడి దగ్గరే తప్పు చేసి ఉంటారు. మిగతావాళ్లలో ఎక్కువమందికి తేడా ఫ్రేము సైజులో వస్తుంది.

అందుకే ఈ వ్యాసంలో దూరపు చూపుకి వాడే సింగిల్ విజన్ జోడు మీదే ఎక్కువ చెబుతాం. తొలిసారి ఆన్‌లైన్‌లో కొనడానికి అదే సరైనది. దూరం, దగ్గర రెండూ ఒకే లెన్స్‌లో ఉండే ప్రోగ్రెసివ్‌కి, ఫ్రేము ముఖం మీద పెట్టాక కంటిపాప లెన్స్ అడుగు నుంచి ఎంత ఎత్తులో పడుతుందో కొలవాలి. ఫ్రేము ఇంకా డబ్బాలోనే ఉండగా ఆ కొలత ఎవరూ తీయలేరు. ప్రోగ్రెసివ్ కావాలంటే ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, మీ ఊళ్లోనో షాపుకెళ్లి కూర్చుని చేయించుకోండి. ప్రిజం రాసిన చీటీ, చిన్నపిల్లల జోడు, 6.00 దాటిన పవర్, రెండు కళ్లకీ బాగా తేడా ఉన్న పవర్ కూడా షాపుకే వదిలేయండి. శుక్లం ఆపరేషన్ అయి ఇంకా నెల కూడా దాటనివాళ్లూ, షుగరు ఎక్కీ దిగీ ఉన్నవాళ్లూ ఆగాలి. వాళ్ల పవర్ ఇంకా నిలకడకి రాలేదు.

మొదట చీటీ

ఒక ఉదాహరణ పెట్టుకుని చివరిదాకా దాంతోనే నడుద్దాం. టెక్కలిలో ఇంజనీరింగ్ చదివే అమ్మాయి అనుకోండి. చీటీలో ఇలా ఉంది:

```
RE   -4.25   -0.75   170   6/6
LE   -3.75   -1.25    10   6/6
```

RE కుడి కన్ను, LE ఎడమ కన్ను. కొందరు OD, OS అని రాస్తారు, OD అంటే కుడి. మొదటి అంకె SPH, అంటే స్ఫియర్, అసలు పవర్. రెండోది CYL, అంటే సిలిండర్, ఒక దిశలో మాత్రమే అదనంగా కావాల్సిన పవర్. మూడోది AXIS, ఆ సిలిండర్ ఏ కోణంలో ఉండాలో చెప్పేది. చివర ఉన్న 6/6 ఆ లెన్స్ పెట్టాక ఎంత కనిపించిందో చెప్పే గుర్తు మాత్రమే, దాన్ని ఫారంలో ఎక్కడా వేయక్కర్లేదు.

పవర్ అంకెలన్నీ పావు చొప్పున నడుస్తాయి: .00, .25, .50, .75. కనుక 4.20 అనో 3.60 అనో చదివారంటే చేతిరాత సరిగ్గా అర్థం కాలేదన్నమాట. షాపువాళ్లు నోటితో "నాలుగు పాతిక" అనే పవర్‌ని కొన్ని చీటీల్లో చుక్క లేకుండా -425 అని రాస్తారు. అది -4.25. యాక్సిస్ 1 నుంచి 180 లోపు ఉండాలి. సిలిండర్ ఉండి యాక్సిస్ లేకపోతే ఆ చీటీ అసంపూర్ణం, రాసిన చోటికి వెళ్లి అడగాలి. యాక్సిస్ పక్కన డిగ్రీ సున్నా పెట్టారేమో కూడా చూడండి. మన ఉదాహరణలో ఎడమ కంటికి 10 పక్కన చిన్న సున్నా చుడితే అది 100లా కనిపిస్తుంది. 10 బదులు 100 వేస్తే సిలిండర్ పూర్తిగా అడ్డం తిరిగిపోతుంది, చూపు సిలిండర్ అసలు వేయని జోడుతో కన్నా మసకవుతుంది.

ఇక గుర్తులు. మైనస్ బదులు ప్లస్ నొక్కితే జోడు ఎందుకూ పనికిరాదు. చాలా సైట్లలో పవర్‌ని జాబితాలోంచి ఎంచుకోవాలి, అందులో ప్లస్, మైనస్ పక్కపక్కనే ఉంటాయి. సిలిండర్ గుర్తు దగ్గర ఇంకో మెలిక ఉంది. కొందరు డాక్టర్లు సిలిండర్‌ని ప్లస్‌లో రాస్తారు. పై చీటీలోని కుడి కన్నునే ఇంకొకరు -5.00, +0.75, 80 అని రాయొచ్చు. చూడ్డానికి పవర్ పెరిగినట్టుంటుంది గానీ రెండూ ఒకే లెన్స్. సరిచూడటం తేలిక: స్ఫియర్, సిలిండర్ కలపండి (-5.00 కి +0.75 కలిపితే -4.25), సిలిండర్ గుర్తు మార్చండి (-0.75), యాక్సిస్‌కి 90 కలపండి (170). మొత్తం 180 దాటితే అందులోంచి 180 తీసేయండి. చీటీ ఏ పద్ధతిలో ఉంటే ఆ వరుస మొత్తం అలాగే దింపితే ఇబ్బంది లేదు. సైటు మైనస్ సిలిండర్ ఒక్కటే తీసుకుంటుందని, స్ఫియర్, యాక్సిస్ అలాగే ఉంచి గుర్తు ఒక్కటి మార్చేశారంటే అది వేరే లెన్స్ అయిపోతుంది.

చత్వారం వచ్చిన వాళ్ల చీటీలో రెండు వరుసలుంటాయి: DV దూరానికి, NV దగ్గరకి. ఇక్కడ జరిగే పొరపాటు దాదాపు ఎప్పుడూ ఒకటే. NV వరుసలో కొందరు దగ్గర పవర్ మొత్తం రాస్తారు, కొందరు అదనంగా కలపాల్సింది మాత్రమే రాస్తారు. ఫారంలోని ADD గడికి కావాల్సింది అదనం ఒక్కటే. DV +0.75, NV +2.75 అని ఉంటే ADD +2.00. తీసివేయకుండా +2.75 వేసేస్తే పేపరు ముఖం దగ్గరకి తెచ్చుకుంటే తప్ప అక్షరం ఆనదు. నలభై దాటిన కొత్తలో అదనం +1.00 దరిదాపుల్లో, యాభై దగ్గర +2.00 దరిదాపుల్లో ఉంటుంది. రెండు కళ్లకీ సాధారణంగా ఒకటే ఉంటుంది. ఈ లెక్కకి దూరంగా ఉంటే మళ్లీ చూడండి. చదవడానికి మాత్రమే జోడు కావాలంటే ADD గడి ముట్టుకోకుండా, దగ్గర పవర్ మొత్తాన్ని SPH లో వేయాలి.

చీటీలో లేని అంకె: పీడీ

పీడీ అంటే రెండు కంటిపాపల నడుమ దూరం, మిల్లీమీటర్లలో. పెద్దవాళ్లలో ఎక్కువమందికి 54 నుంచి 74 లోపు ఉంటుంది. ప్రతి లెన్స్‌కీ ఒక కేంద్రం ఉంటుంది, అక్కడ వెలుగు వంగకుండా నేరుగా వెళుతుంది. ఆ కేంద్రం సరిగ్గా కంటిపాప ముందుకి రావాలి. పీడీ తప్పితే కన్ను పక్క భాగం గుండా చూస్తుంది. అక్కడ లెన్స్ ప్రిజంలా పనిచేసి బొమ్మని పక్కకి జరుపుతుంది.

ఎంత జరుపుతుందో లెక్క ఉంది: సెంటీమీటర్లలో తేడాని పవర్‌తో గుణిస్తే ప్రిజం వస్తుంది. మన అమ్మాయి పీడీ 61. పీడీ ఇవ్వకుండా వదిలేస్తే కొన్ని సైట్లు పెద్దవాళ్ల సగటు ఏదో వేసేస్తాయి. అది 64 అనుకుందాం. తేడా 3 మిల్లీమీటర్లు, అంటే 0.3 సెంటీమీటరు. ఆమె పవర్ దగ్గర దగ్గర 4. రెండు కళ్లకీ కలిపి 1.2 ప్రిజం పడుతుంది. అదే తప్పు -1.00 పవర్ వాళ్లకి జరిగితే 0.3 మాత్రమే, చాలామందికి తెలియను కూడా తెలియదు. "మా తమ్ముడు ఏ కొలతా ఇవ్వకుండా తెప్పించుకున్నాడు, బాగానే ఉంది" అని ఎవరైనా అంటే ముందు ఆ తమ్ముడి పవర్ ఎంతో అడగాలి.

తప్పు ఏ వైపు పడిందన్నదీ ముఖ్యమే. మైనస్ పవర్‌లో లెన్స్ కేంద్రాలు అసలు పీడీకన్నా దూరంగా పడితే రెండు కళ్లూ బయటికి విచ్చుకోవాల్సి వస్తుంది. కళ్లు లోపలికి తేలిగ్గా తిరుగుతాయి గానీ బయటికి విచ్చుకునే శక్తి చాలా తక్కువ. అందుకే నుదురు లాగడం, సాయంత్రానికి తలనొప్పి, అక్షరాలు ఒక్కోసారి రెండుగా కనబడటం. ప్లస్ పవర్‌కి ఇది తలకిందులు, కేంద్రాలు దగ్గరగా పడినప్పుడే ఎక్కువ బాధ.

పీడీ సంపాదించడానికి అన్నిటికన్నా తేలిక దారి చాలామంది చెత్తబుట్టలో పడేస్తారు. కళ్లు పరీక్షించేటప్పుడు గడ్డం ఆనించి, దూరంగా బెలూనో ఇల్లో కనిపించే బొమ్మ చూడమంటారు కదా, ఆ మిషన్ నుంచి చిన్న కాగితం ముక్క వస్తుంది. చాలా మిషన్లు దాని అడుగున PD 61 అన్నట్టు అచ్చువేస్తాయి. ఆ ముక్క అడిగి తీసుకుని వెంటనే ఫోటో తీయండి, బస్సు టికెట్ లాంటి కాగితం కాబట్టి కొన్నాళ్లకి అక్షరాలు ఎగిరిపోతాయి. జాగ్రత్త ఒక్కటే: ఆ ముక్క మీదున్న పవర్లు మిషన్ అంచనా మాత్రమే. తర్వాత లెన్సులు మార్చి మార్చి "ఇది బాగుందా, అది బాగుందా" అని అడిగి డాక్టరు రాసిందే అసలు చీటీ. ముక్క మీంచి పీడీ ఒక్కటే తీసుకోవాలి.

ముక్క లేదా? అయితే స్కేలు తీయండి. జామెట్రీ బాక్సులోని ప్లాస్టిక్ స్కేలు చాలు. కాకపోతే దాని సున్నా సరిగ్గా అంచున ఉండదు, రెండు మూడు మిల్లీమీటర్లు లోపలికి ఉంటుంది. అంచుని సున్నా అనుకుంటే అక్కడికక్కడే మూడు మిల్లీమీటర్లు పోయాయి. స్కేలు మీద నమ్మకం లేకపోతే ఏటీఎం కార్డు పొడవు కొలవండి, 85.6 మిల్లీమీటర్లు రావాలి.

కొలిచేవాళ్లు మీ ఎదురుగా మూరెడు దూరంలో, మీ కళ్ల ఎత్తులోనే కూర్చోవాలి. స్కేలు మీ ముక్కు మీద, కళ్ల కింద అడ్డంగా ఆనించి పట్టుకోవాలి. వాళ్లు తమ కుడి కన్ను మూసి ఎడమ కన్ను తెరిచి ఉంచుతారు. మీరు వాళ్ల ఎడమ కన్నే చూడండి. వాళ్లు సున్నాని మీ కుడి కంటిపాప మధ్యకి సరిచేస్తారు. ఇప్పుడు స్కేలు కదలకుండా వాళ్లు కన్ను మార్చి, ఎడమది మూసి కుడిది తెరవాలి. మీ చూపు వాళ్ల కుడి కంటికి మారాలి. అప్పుడు మీ ఎడమ కంటిపాప మధ్య ఏ గీత ఉందో అదే పీడీ. కన్ను మార్చకుండా ఇద్దరూ ముఖాముఖి చూసుకుంటూ కొలిస్తే మీ కళ్లు దగ్గరకి తిరిగి మూడు మిల్లీమీటర్ల దాకా తక్కువ వస్తుంది. అది చదువుకునే జోడుకి పనికొచ్చే పీడీ, దూరపు జోడుకి కాదు.

మనవాళ్ల కళ్లు బాగా నలుపు కాబట్టి నల్లగుడ్డులో పాప ఎక్కడుందో తేల్చుకోవడం కష్టం. అలాంటప్పుడు పాప మధ్యని వెతక్కండి. కుడి నల్లగుడ్డు చెవి వైపు అంచున సున్నా పెట్టి, ఎడమ నల్లగుడ్డు ముక్కు వైపు అంచు దగ్గర చదవండి. రెండు నల్లగుడ్లూ ఒకే సైజు కాబట్టి దూరం అదే వస్తుంది, పైగా తెలుపు నలుపు కలిసే గీత స్పష్టంగా కనబడుతుంది.

మూడుసార్లు కొలవండి. 61, 61, 62 వస్తే 61 వేసుకోవచ్చు. 59, 62, 64 వస్తే స్కేలో తలో కదులుతోంది, మళ్లీ మొదలుపెట్టాలి. అప్పటికీ కుదరకపోతే దగ్గర్లోని ఆప్టికల్ షాపుకి వెళ్లి, జోడు ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నానని ముందే చెప్పి, డబ్బులిచ్చి కొలిపించుకోండి. దాచిపెట్టి ఊరికే కొలిపించుకోవడం మర్యాద కాదు. పైగా జోడు వచ్చాక మళ్లీ ఆ షాపుతోనే పని పడుతుంది.

ఫ్రేము మీది మూడు అంకెలు

పాత జోడు ఉంటే కాడ లోపలి వైపు చూడండి: 50□18-140 లాంటి అంకెలుంటాయి. మొదటిది ఒక లెన్స్ వెడల్పు, రెండోది ముక్కు మీద ఉండే బ్రిడ్జి, మూడోది కాడ పొడవు. సైట్లో ఫ్రేము బొమ్మ కింద కూడా ఇవే ఇస్తారు, చాలాచోట్ల దాంతోపాటు ఫ్రేము మొత్తం వెడల్పు ఇస్తారు. ముఖానికి సరిపోతుందా లేదా తేల్చేది ఆ మొత్తం వెడల్పే. పాత జోడుని కీలు నుంచి కీలు దాకా కొలిచి, అటూ ఇటూ రెండు మూడు మిల్లీమీటర్ల తేడాలోపు కొత్తది ఎంచుకోండి. "మీడియం", "లార్జ్" అన్న మాటలు కంపెనీ కంపెనీకీ మారతాయి, వాటిని పట్టించుకోకండి. మన సముద్రపు గాలికి, చెమటకి పూర్తి ప్లాస్టిక్ ఫ్రేము ముక్కు మీంచి జారుతూనే ఉంటుంది. ముక్కు చప్పగా ఉన్నవాళ్లు వంచి సర్దుకునే నోస్ ప్యాడ్లు ఉన్నది తీసుకోవడం మంచిది.

ఇప్పుడు చాలామంది వేయని లెక్క. లెన్స్ వెడల్పు, బ్రిడ్జి కలిపి అందులోంచి మీ పీడీ తీసేయండి. వచ్చినదాంట్లో సగం చొప్పున ప్రతి లెన్స్ కేంద్రాన్నీ ముక్కు వైపు జరపాల్సి వస్తుంది. మైనస్ లెన్స్ మధ్యలో పలచగా, అంచుకి పోయేకొద్దీ మందంగా ఉంటుంది కాబట్టి, కేంద్రం ఎంత లోపలికి జరిగితే చెవి వైపు అంచు అంత మందమవుతుంది.

మన అమ్మాయికి రెండు ఫ్రేములు నచ్చాయనుకుందాం. ఒకటి 54-18-145, ఇప్పటి మోస్తరు పెద్ద ఫ్రేము. ఇంకోటి 48-18-140. పెద్దదానికి 54, 18 కలిపితే 72. అందులోంచి 61 పోతే 11, ఒక్కో వైపు 5.5 మిల్లీమీటర్ల జరుగుడు. చిన్నదానికి 66 లోంచి 61 పోతే 5, ఒక్కో వైపు 2.5. కుడి కంటి -4.25 పవర్‌కి, మధ్య మందం 1.5 మిల్లీమీటర్లు అనుకుని, 1.56 ఇండెక్స్ లెన్స్‌తో లెక్కగడితే, చెవి వైపు అంచు పెద్ద ఫ్రేములో సుమారు 5.5 మిల్లీమీటర్లు, చిన్నదాంట్లో సుమారు 4.2 వస్తుంది.

ఇండెక్స్ అంటే లెన్స్ పదార్థం వెలుగుని వంచే శక్తి. అంకె పెరిగితే అదే పవర్ పలచటి లెన్స్‌లో వస్తుంది, ధరా పెరుగుతుంది. "మందం తగ్గాలంటే 1.67 తీసుకోండి" అని సైటు అడుగుతుంది. పెద్ద ఫ్రేములో 1.67 వేయించినా, మధ్య మందం అంతే ఉంటే, అంచు 4.8 దగ్గర ఆగుతుంది. అంటే మామూలు 1.56 వేసిన చిన్న ఫ్రేమే ఇంకా పలచన. లెన్స్ మీద డబ్బు పోసేముందు ఫ్రేము సైజు తగ్గించి చూడండి, తగ్గించడానికి ఖర్చేమీ లేదు. 48 ఫ్రేములోనే 1.60 వేయిస్తే ఈ పవర్‌కి ఇంకేమీ అక్కర్లేదు. రెండు పవర్ లోపువాళ్లకి మామూలు లెన్స్ ఎందులోనైనా చాలు. ముఖం వెడల్పుగా ఉండి పీడీ తక్కువున్నవాళ్లకి చిన్న ఫ్రేము కణతల్ని నొక్కుతుంది. వాళ్లు లెన్స్ చిన్నదై, కీళ్ల దగ్గర ఫ్రేము బయటికి వచ్చిన డిజైన్ వెతుక్కోవాలి.

కోటింగుల్లో యాంటీ రిఫ్లెక్షన్‌కి డబ్బులివ్వొచ్చు. రాత్రిపూట హైవే మీద బండి నడిపేవాళ్లకి తేడా వెంటనే తెలుస్తుంది. బ్లూ కట్ వల్ల కంటి అలసట తగ్గినట్టు 2023 కొక్రేన్ సమీక్షలో తేలలేదు, అది ఉచితంగా వస్తే సరే.

ఆర్డరు నొక్కేముందు, పార్సిల్ వచ్చాక

ఫారం నింపాక ఇంకొకరి చేత చీటీ పైకి చదివించి, మీరు తెర మీద అంకెలు సరిచూసుకోండి. కుడి ఎడమలు, గుర్తులు, యాక్సిస్ ఈ మూడూ చూడాలి. చీటీ ఫోటో పెట్టే అవకాశం ఉంటే పెట్టండి, తర్వాత తేడా వస్తే తప్పు ఎవరిదో తేలుతుంది. పవర్ వేసి చేసిన లెన్స్‌ని వెనక్కి తీసుకుంటారా, ఫ్రేముని మాత్రమే తీసుకుంటారా అన్నది డబ్బు కట్టకముందే చదవాలి.

జోడు వచ్చాక పెట్టుకునే ముందు రెండు నిమిషాల పని ఉంది. జోడుని చేతిలో చాపి పట్టుకుని, ఒక లెన్స్ గుండా గుమ్మం నిలువు అంచు చూడండి. జోడుని అడ్డంగా మెల్లగా కదిపితే లెన్స్ లోపలి గీత కూడా అదే వైపు కదిలితే మైనస్, ఎదురు వైపు కదిలితే ప్లస్. ఇప్పుడు జోడుని గడియారం ముల్లులా కొద్దిగా తిప్పండి. లెన్స్ లోపలి గీత కత్తెరలా వాలితే సిలిండర్ ఉన్నట్టు. చీటీలో సిలిండర్ ఉండి గీత ఏమాత్రం వాలకపోతే వేయడం మర్చిపోయారు.

పీడీ కూడా ఇలాగే పట్టుకోవచ్చు. జోడు నిటారుగా ఉంచి, లెన్స్ లోపలి గీత, బయటి గీత ఒకే వరుసలో కలిసేదాకా పక్కకి జరపండి. కలిసిన చోట స్కెచ్ పెన్నుతో చుక్క పెట్టండి. రెండో లెన్స్‌కీ అంతే. రెండు చుక్కల నడుమ దూరం ఇచ్చిన పీడీకి ఒకటి రెండు మిల్లీమీటర్ల లోపు ఉండాలి. అయిదు మిల్లీమీటర్ల తేడా వస్తే వాదించడానికి ఆధారం దొరికినట్టే. సిలిండర్ ఎక్కువగా ఉండి యాక్సిస్ 45, 135 దరిదాపుల్లో ఉంటే గీత వంకరగా కనిపించి ఈ పద్ధతి సరిగ్గా తేలదు. పవర్ తక్కువైతే చుక్క ఎక్కడ పెట్టాలో కూడా కచ్చితంగా తెలియదు.

కొత్త సిలిండర్‌తో నేల వాలినట్టు, మెట్టు ఎత్తు మారినట్టు అనిపించడం మామూలే, వారం లోపు సర్దుకుంటుంది. ఆ నాలుగు రోజులూ బండి తీయకండి. ఒక కన్ను మూస్తే బాగుండి రెండూ తెరిస్తే లాగుతుంటే పీడీని అనుమానించాలి. ఒక్కో కన్నుతో చూసినా మసకే అయితే పవరో, యాక్సిసో తేడా. రెండిట్లో ఏదైనా జోడుని, చీటీని తీసుకుని పవర్ చూసే మిషన్ ఉన్న షాపుకి వెళ్లి లెన్స్ చదివించి, వచ్చిన అంకెలు కాగితం మీద రాయించుకోండి. చీటీకీ లెన్స్‌కీ పావు పవర్ తేడా ఉన్నా మార్చమని అడగొచ్చు. అంకెలన్నీ సరిపోయి చూపు మాత్రం కుదరకపోతే సైటుతో గొడవపడి లాభం లేదు, చీటీ రాసిన చోటికే వెళ్లి మళ్లీ చూపించుకోవాలి. వాపసు గడువు చాలాచోట్ల రోజుల్లోనే ఉంటుంది కాబట్టి ఈ తిరుగుడంతా పార్సిల్ వచ్చిన మొదటి వారంలోనే పూర్తిచేయండి.